హీట్ పంప్: రాత్రి సెట్‌బ్యాక్

అమెరికాలో హీట్ పంప్ ఉన్న ఇళ్లలో రాత్రి థర్మోస్టాట్‌ను బాగా తగ్గించడం తరచుగా నష్టమే తెస్తుంది. హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయటి గాలి నుంచి లోపలికి తోడుతుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర యూనిట్ల వేడి ఇవ్వగలదు. కానీ చలి ముదిరేకొద్దీ ఆ తోడే శక్తి తగ్గుతుంది. రాత్రి 21 డిగ్రీల సెల్సియస్ నుంచి 16కు దించి, తెల్లవారుజామున ఒక్కసారిగా 21 అడిగితే, చాలా థర్మోస్టాట్లు ఆ తేడా చూసి సహాయక హీటర్ కాయిళ్లను ఆన్ చేస్తాయి. తెర మీద AUX HEAT కనబడుతుంది. ఆ కాయిళ్లు యూనిట్‌కు యూనిట్ వేడే ఇస్తాయి.

ఇల్లు చల్లగా ఉంటే వేడి తక్కువ పోతుంది కదా అనే వాదన నిజమే, లెక్క వేద్దాం. బయట 0 డిగ్రీలు, 21 దగ్గర ఇల్లు గంటకు 4 యూనిట్ల వేడి కోల్పోతుందనుకుందాం. ఎనిమిది గంటలపాటు సగటున 3 డిగ్రీలు తగ్గితే ఆదా అయ్యే వేడి సుమారు 4.5 యూనిట్లు, కరెంటులో 1.8. ఉదయం కాయిళ్లు 5 యూనిట్ల వేడి ఇస్తే, పంప్‌కు 2 సరిపోయేచోట 5 ఖర్చవుతాయి. ఆదా అయినదానికన్నా అదనంగా పోయిందే ఎక్కువ. కాయిళ్లు పనిచేయకుండా నెమ్మదిగా వేడెక్కించే అమరిక ఉంటే ఈ లెక్క మారుతుంది. లేనిచోట ఒకటి రెండు డిగ్రీలకు మించి దించకూడదు.