ఫారిన్ సాఫ్ట్‌వేర్ బిల్లు.. టీడీఎస్ కంపెనీదే అయితే ఎంట్రీ ఎలా?

విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి లక్ష రూపాయలు కట్టాలి. "మాకు పూర్తి లక్ష రావాలి, మీ దేశంలో పన్ను మీరే చూసుకోండి" అని అగ్రిమెంట్‌లో రాసేశారు. అలాంటప్పుడు టీడీఎస్ ఎంత కట్టాలి? చాలామంది లక్షపై 10 శాతం, అంటే రూ.10 వేలు కట్టేసి ఊరుకుంటారు. తేడా వచ్చేది అక్కడే.

ఉదాహరణకు వనపర్తి జిల్లా గోపాల్‌పేటలో ఓ చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. సింగపూర్ సంస్థతో సాఫ్ట్‌వేర్ రాయించుకుని, దాన్ని మార్చుకునే, ఇతరులకు అమ్ముకునే హక్కు కూడా తీసుకుంది. ఇది రాయల్టీ కిందకు వస్తుంది. భారత్-సింగపూర్ పన్ను ఒప్పందం ప్రకారం రేటు 10 శాతం.

లెక్క ఇలా..

కంపెనీ భరించే పన్ను కూడా ఆ విదేశీ సంస్థ ఆదాయమే అని చట్టం చూస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఈ రూల్ 195ఎ సెక్షన్‌లో ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. అందుకే పన్ను పోగా లక్ష మిగిలే మొత్తాన్ని ముందు కనుక్కోవాలి. దీన్నే గ్రాస్ అప్ అంటారు.

1,00,000 ÷ 0.90 = 1,11,111

దీనిపై 10 శాతం రూ.11,111. రూ.10 వేలే కడితే రూ.1,111 తక్కువ పడినట్టు. దానిపై వడ్డీ కూడా పడుతుంది.

ఎంట్రీ ఇదీ..

సాఫ్ట్‌వేర్ రాయల్టీ ఖాతా డెబిట్: 1,11,111
వెండర్ ఖాతా క్రెడిట్: 1,00,000
టీడీఎస్ చెల్లించాల్సిన ఖాతా క్రెడిట్: 11,111

తప్పు జరిగితే లెడ్జర్‌లోనే దొరుకుతుంది. మామూలు టీడీఎస్‌లా లక్షలోంచి రూ.10 వేలు తగ్గించి వెండర్‌కు రూ.90 వేలే క్రెడిట్ చేశారనుకోండి. బ్యాంకు నుంచి వెళ్లింది మాత్రం పూర్తి లక్ష. దాంతో వెండర్ ఖాతాలో రూ.10 వేలు అడ్వాన్స్ ఇచ్చినట్టు డెబిట్ బ్యాలెన్స్ మిగిలిపోతుంది. ఆ బ్యాలెన్స్ కనిపిస్తే గ్రాస్ అప్ మర్చిపోయారనే అర్థం.

ఆ సర్టిఫికెట్ లేకపోతే..

ఒప్పందం రేటు కావాలంటే వెండర్ తన దేశం ఇచ్చిన ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ పంపాలి. అది లేకపోతే చట్టంలోని 20 శాతం, దానిపై 4 శాతం సెస్ కలిపి 20.8 శాతం అవుతుంది. అప్పుడు లక్షను 0.792తో భాగించాలి. గ్రాస్ రూ.1,26,263, పన్ను రూ.26,263. ఒక్క కాగితం లేక కంపెనీపై అదనంగా పడే భారం రూ.15,152.

అసలు పన్ను ఉందా?

వాడుకోవడానికి మాత్రమే కొన్న రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అయితే కథ వేరు. అలాంటి చెల్లింపు పన్ను ఒప్పందాల కింద రాయల్టీ కాదని 2021 మార్చి 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అమ్మిన సంస్థకు భారత్‌లో శాశ్వత కార్యాలయం లేకపోతే టీడీఎస్ అవసరం రాదు. కాబట్టి గ్రాస్ అప్ లెక్క వేసే ముందు అగ్రిమెంట్‌లో ఏ హక్కులు ఇచ్చారో చదవాలి.