మొదట నొక్కినవారెవరు? క్విజ్ బజర్ వలయం చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- రిలేలతో కట్టిన బజర్ వలయం ఎక్కడ విఫలమవుతుందో చెప్పగలుగుతారు.
- లాచ్, గేట్లు కలిసి మిగిలిన పోటీదారులను ఎలా అడ్డుకుంటాయో వివరించగలుగుతారు.
- ఇద్దరు దాదాపు ఒకేసారి నొక్కినప్పుడు వచ్చే చిక్కును గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

అమెరికాలో 1953లో ఎన్‌బీసీ రేడియోలో కాలేజ్ బౌల్ పోటీ మొదలైంది. దాని ఆధారంగా బ్రిటన్‌లో గ్రెనడా సంస్థ 1962లో యూనివర్సిటీ చాలెంజ్‌ను ప్రారంభించింది. రెండింటిలోనూ ప్రశ్న పూర్తికాకముందే బజర్ నొక్కి ఆపవచ్చు. మొదట నొక్కినవారికే జవాబు చెప్పే హక్కు. కాబట్టి జవాబు తెలిసినవారు ఇద్దరుంటే ఫలితాన్ని వారి వేలి వేగం తేలుస్తుంది. ఆ వేగాన్ని కొలిచే వలయం తప్పు చేస్తే తీర్పే తప్పవుతుంది. కంటితో చూసి చెప్పలేని తేడాను పోటీదారులిద్దరూ ఒప్పుకునేలా తేల్చడమే ఈ వలయం పని.

2. రిలేలతో కట్టిన వలయం

రిలేలో ఒక తీగచుట్ట, దాని అయస్కాంత బలానికి కదిలే ఒక ఇనుప పట్టీ, ఆ పట్టీతో పాటు తెరుచుకునే లేదా మూసుకునే కాంటాక్టులు ఉంటాయి. ప్రతి పోటీదారుకు ఒక రిలే ఇస్తారు. అతని తీగచుట్టకు వెళ్లే కరెంటు మిగిలినవారి రిలేలలో మామూలుగా మూసి ఉండే కాంటాక్టుల గుండా పోతుంది. మొదటివారి రిలే కదలగానే ఆ కాంటాక్టు తెరుచుకుని మిగిలినవారికి కరెంటు ఆగిపోతుంది. మరో కాంటాక్టు మొదటివారి రిలేను పట్టి ఉంచుతుంది. అందువల్ల మీట వదిలినా దీపం ఆరదు.

ఇందులో లోపం పట్టీ కదలడానికి పట్టే కాలంలో ఉంది. చిన్న రిలే కదలడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపల రెండోవారు నొక్కితే వారి తీగచుట్టకు కూడా కరెంటు అందుతుంది. పట్టి ఉంచే కాంటాక్టును నేరుగా సప్లైకి కలిపి ఉంటే రెండు దీపాలూ వెలిగి ఉండిపోతాయి. ఎదుటివారి కాంటాక్టు గుండా కలిపి ఉంటే రెండు రిలేలూ ఒకదాన్నొకటి తెంచుకుంటూ టకటక కొట్టుకుంటాయి. ఇద్దరు సమర్థుల మధ్య తేడా 0 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడైనా సమానంగా రావచ్చనుకుందాం. అప్పుడు 10 మిల్లీసెకన్ల లోపు తేడా ఐదుసార్లలో ఒకసారి వస్తుంది. పోటీలో అది చాలా ఎక్కువ.

3. లాచ్, గేట్ల వలయం

రెండు స్థితులలో దేనిలోనైనా నిలిచి ఉండే ఎలక్ట్రానిక్ వలయాన్ని బ్రిటన్‌లో ఎకిల్స్, జోర్డన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1918లో రెండు వాక్యూమ్ ట్యూబులతో రూపొందించారు. నేటి లాచ్‌కు మూలం అదే. 1960ల మధ్యలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన 7400 శ్రేణి చిప్పులతో లాచ్ ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కలో దొరకడం మొదలైంది.

ఆ శ్రేణిలోని 7475 చిప్పుతో ముగ్గురు పోటీదారుల వలయాన్ని చూద్దాం. ఇందులో నాలుగు లాచ్‌లు ఉంటాయి. ప్రతి లాచ్‌కు ఒక ఇన్‌పుట్, ఒక ఔట్‌పుట్, దానికి వ్యతిరేకమైన మరో ఔట్‌పుట్ ఉంటాయి. ఎనేబుల్ పిన్ను 1గా ఉన్నంతసేపు ఔట్‌పుట్ ఇన్‌పుట్‌ను అనుసరిస్తుంది. అది 0 కాగానే అప్పటి విలువ అలాగే నిలిచిపోతుంది. ఈ చిప్పులో రెండేసి లాచ్‌లకు ఒకటి చొప్పున రెండు ఎనేబుల్ పిన్నులు ఉంటాయి కాబట్టి వాటిని ఒకటిగా కలపాలి. వాడని నాలుగో లాచ్‌ను పక్కన పెట్టాలి.

ముగ్గురి మీటలను మూడు ఇన్‌పుట్లకు, మూడు వ్యతిరేక ఔట్‌పుట్లను ఒక ఆండ్ గేటుకు కలుపుతాం. ఆ గేటు ఔట్‌పుట్, ప్రశ్నకర్త రీసెట్ మీట రెండూ ఒక ఆర్ గేటుకు వెళ్తాయి. ఆర్ గేటు ఔట్‌పుట్ ఎనేబుల్‌ను నడుపుతుంది.

ఎవరూ నొక్కనప్పుడు వ్యతిరేక ఔట్‌పుట్లు మూడూ 1. అందువల్ల ఎనేబుల్ 1గా ఉండి లాచ్‌లన్నీ తెరిచి ఉంటాయి. రెండో పోటీదారు నొక్కారనుకోండి. ఆ లాచ్ ఔట్‌పుట్ 1 అయి దీపం వెలుగుతుంది. దాని వ్యతిరేక ఔట్‌పుట్ 0 అవుతుంది. వెంటనే ఆండ్ గేటు 0, ఎనేబుల్ 0. లాచ్‌లన్నీ మూసుకుపోతాయి. ఆ తరువాత మొదటి, మూడో పోటీదారులు ఎంత నొక్కినా వారి ఇన్‌పుట్‌ను లాచ్ పట్టించుకోదు. అందరూ మీటలు వదిలిన తరువాత ప్రశ్నకర్త రీసెట్ నొక్కితే లాచ్‌లు క్షణం తెరుచుకుని ఔట్‌పుట్లన్నీ మళ్లీ 0 అవుతాయి.

లాచ్‌కు సుమారు 25, ఆండ్ గేటుకు 10, ఆర్ గేటుకు 15 నానోసెకన్లు పడతాయనుకుంటే తలుపు మూసుకోవడానికి 50 నానోసెకన్లు పడుతుంది. పైన తీసుకున్న 50 మిల్లీసెకన్ల పరిధిలో అంత తక్కువ తేడా వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి.

ఈ వలయాన్ని పరీక్షించేటప్పుడు ఒక లోపాన్ని తప్పక చూడాలి. ఒక పోటీదారు మీటను నొక్కి పట్టుకుని ఉండగా రీసెట్ చేస్తే, ప్రశ్న మొదలుకాకముందే ఆ దీపం వెలిగి ఉండిపోతుంది. ఈ వలయం మీట నొక్కిన క్షణాన్ని చూడదు. మీట నొక్కి ఉందా లేదా అన్నదే చూస్తుంది.

4. నియమం మారినప్పుడు వలయం మారింది

అమెరికాలో 1964లో మొదలైన జెపర్డీ పోటీలో తొలినాళ్లలో ప్రశ్న కనబడగానే బజర్ నొక్కవచ్చు. 1985 నుంచి ప్రశ్న చదవడం పూర్తయ్యేదాకా ఆగాలని నియమం మార్చారు. చదవడం ముగియగానే ఒక ఉద్యోగి బజర్లను తెరుస్తారు. అంతకుముందే నొక్కినవారి బజర్ పావు సెకను పనిచేయదు.

దీన్ని మన వలయంలో చేర్చాలంటే ప్రతి మీటకూ లాచ్‌కూ మధ్య మరో ఆండ్ గేటు పెట్టి, దాని రెండో ఇన్‌పుట్‌కు ఉద్యోగి ఇచ్చే అనుమతిని కలపాలి. కానీ అది ఒక్కటే చాలదు. ముందే నొక్కి పట్టుకున్నవారందరి మీటలూ అనుమతి రాగానే ఒకేసారి లాచ్‌ల దాకా చేరతాయి, వారి దీపాలన్నీ వెలుగుతాయి. కనుక మీట 0 నుంచి 1కి మారే క్షణాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. తొందరపడినవారిని పావు సెకను ఆపే టైమర్ కూడా కావాలి.

5. సమానంగా నొక్కితే

పది లక్షల్లో ఒకటైనా ఆ సందర్భం ఉంది. రెండో మీట సరిగ్గా తలుపు మూసుకుంటున్న క్షణంలో పడితే, ఆ లాచ్ 0కూ 1కీ మధ్య వోల్టేజి దగ్గర కొంతసేపు ఊగిసలాడవచ్చు. దీన్ని మెటాస్టెబిలిటీ అంటారు. కొండ శిఖరం మీద నిలిచిన గోళీ ఏదో ఒక వైపు దొర్లుతుంది, కానీ ఎంతసేపటికో ముందుగా చెప్పలేం. ఇది ఊహ కాదని, నిజమైన చిప్పులలో జరుగుతుందని 1973లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన చేనీ, మోల్నార్ కొలతలతో చూపారు. అప్పటికి ఇద్దరు ఒకే వనరు కోసం పోటీపడే సమస్య కంప్యూటర్లలోనూ ఉంది.

దీన్ని పూర్తిగా తొలగించలేం. కాలం గడిచేకొద్దీ ఊగిసలాట మిగిలి ఉండే అవకాశం వేగంగా తగ్గుతుంది, అంతే. అందుకే 1980లో వచ్చిన మీడ్, కాన్వే గ్రంథంలో సైట్జ్ వివరించిన వలయం ఒక తెలివైన పని చేస్తుంది. ఒకదాన్నొకటి ఆపుకునే రెండు గేట్లు తేల్చుకునేదాకా అది ఏ ఔట్‌పుట్‌నూ బయటికి రానివ్వదు. సమానంగా వచ్చినప్పుడు అది ఆలస్యంగా తీర్పు ఇస్తుంది, కానీ ఇద్దరినీ గెలిచినట్టు చూపదు. అయితే నిజంగా ఎవరు ముందన్నది అప్పుడు అదీ చెప్పలేదు, ఒకరిని ఎంచుతుంది. మన 7475 వలయంలో మాత్రం అలాంటి క్షణంలో రెండు దీపాలూ వెలగవచ్చు. అలా వెలిగితే ప్రశ్నను రద్దుచేసి మరొకటి అడగడమే న్యాయమైన పద్ధతి.

సారాంశం

రిలే వలయంలో పది మిల్లీసెకన్లున్న సందిగ్ధ కాలాన్ని లాచ్, గేట్లు నానోసెకన్లకు తగ్గించాయి. దాన్ని సున్నా మాత్రం చేయలేదు. మొదటి లాచ్ వ్యతిరేక ఔట్‌పుట్ అందరి ఎనేబుల్‌నూ మూయడమే ఈ వలయానికి ఆధారం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నలుగురు పోటీదారులకు వలయం కట్టాలంటే ఆండ్ గేటుకు ఎన్ని ఇన్‌పుట్లు కావాలి? ఎందుకు?
2. ప్రశ్న మొదలుకాకముందే ఒక దీపం వెలిగి ఉంది. కారణమేమై ఉండవచ్చు? ఎలా నిర్ధారిస్తారు?
3. ఆర్ గేటును తీసేసి ఆండ్ గేటును నేరుగా ఎనేబుల్‌కు కలిపితే రెండో ప్రశ్నకు ఏమవుతుంది?