డిజైన్ అప్పగింత

యాప్ లేదా వెబ్‌సైటు తెరల రూపకల్పనను డిజైనరు ఫిగ్మా వంటి పనిముట్టులో ముగించి, దానిని కోడ్‌గా మలిచే డెవలపరుకు కొలతలతో, పేర్లతో సహా అందజేయడాన్ని డిజైన్ అప్పగింత అంటారు. ఇందులో తలెత్తే సందేహాలలో చాలా భాగం బొమ్మలో కనిపించే కొలత వెనుక ఉన్న నియమం తెలియకపోవడం వల్ల పుడుతుంది. ఉదాహరణకు, 120 వెడల్పు, 48 ఎత్తు ఉన్న బటన్‌ను మాత్రమే చూపితే ఆ వెడల్పు స్థిరమైనదో, లోపలి మాటను బట్టి పెరిగేదో డెవలపరుకు తెలియదు. స్థిరమని భావించి రాస్తే, ఆంగ్లంలో సరిపోయిన బటన్‌లో ‘సమర్పించండి’ అన్న తెలుగు మాట చివర తెగిపోవచ్చు. అదే బటన్‌ను ఆటో లేఅవుట్‌తో, అంటే లోపలి మాటను బట్టి పెట్టె పరిమాణం మారే అమరికతో గీసి, వరుస ఎత్తు 24, పైన 12, కింద 12, పక్కల 16 చొప్పున ఖాళీ అని చూపితే 48 ఎలా వచ్చిందో దానంతటదే తెలుస్తుంది. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కనుక వరుస ఎత్తును తెలుగు పాఠంతోనే పరీక్షించాలి.

పదేపదే వాడే ఇటువంటి భాగాన్ని కాంపోనెంట్ అంటారు. దాని మామూలు స్థితితో పాటు నొక్కినప్పటి, పనిచేయనప్పటి, లోడవుతున్నప్పటి స్థితులనూ గీయాలి, ఆచరణలో ఎక్కువగా మరచిపోయేది చివరిదే. ఐకాన్ల పేర్లు కూడా వేదిక నియమాలకు లోబడాలి: ఆండ్రాయిడ్‌లో `Arrow-Back.png` అన్న పేరు బిల్డ్‌ను ఆపేస్తుంది, `ic_arrow_back.png` చెల్లుతుంది.