నది మిట్టన, పొలం పల్లాన: సుమేరులో కాలువ, విత్తనపు నాగలి, తొలి ఊళ్లు

దక్షిణ ఇరాక్ మైదానంలో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. బార్లీ, గోధుమ వానాధారంగా పండే నేల కాదది. అయినా క్రీ.పూ. 6వ సహస్రాబ్దిలోనే అక్కడ ఊళ్లు వెలిశాయి. క్రీ.పూ. 3100 నాటికి ఉరుక్ నగరం దాదాపు 250 హెక్టార్లకు విస్తరించింది. ఈ ఎదుగుదలకు కారణాలు వెతికేవారు ముందుగా ఆ నేల వాలును చూడాలి.

యూఫ్రటీస్ వరద వచ్చినప్పుడల్లా బరువైన ఒండ్రు ఒడ్డునే దిగిపోతుంది, సన్నటి మట్టి దూరం పోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి నది తన గట్ల మధ్య చుట్టూ ఉన్న మైదానం కంటే ఎత్తున పారడం మొదలుపెట్టింది. అంటే గట్టుకు గండి కొడితే చాలు, నీళ్లు వాటంతటవే పొలంలోకి దిగుతాయి. ఏతం, మోట అక్కర్లేదు. తొలి రైతులకు పనికొచ్చిన సౌకర్యం ఇదే. పెద్ద రాజ్యం పుట్టాకే కాలువలు వచ్చాయన్న వాదన నిలవకపోవడానికి కారణమూ ఇదే. ఇరాక్ తూర్పు అంచున, మండలి పట్నం దగ్గరున్న చోగా మామీలో క్రీ.పూ. 6000 ప్రాంతపు కాలువల ఆనవాళ్లు దొరికాయి. అదొక చిన్న ఊరు, అక్కడ రాజూ లేడు, లిపీ లేదు.

చిక్కు కాలంతో వచ్చింది. బార్లీ శరదృతువులో విత్తి, ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. నదికి పోటు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. విత్తే వేళకు నదిలో నీరు అడుగంటి ఉంటుంది, కోతవేళకు ముంచెత్తుతుంది. కాబట్టి కాలువ తవ్వితే సరిపోదు. పూడిక తీయాలి, కరకట్ట కాపాడాలి, నీటి వంతులు పంచాలి. ఇవి ఒక్క కుటుంబం చేయగల పనులు కావు. గట్టు మీద మెరక ఉంది, నీరుంది, ఖర్జూర తోటకు చోటుంది. అందుకే ఊళ్లు మైదానమంతా చెదిరిపోకుండా కాలువ పొడవునా వరుసగా వెలిశాయి.

పొలం ఆకారాన్ని మార్చింది మాత్రం నాగలి. ఎద్దుల జతతో దున్నేవాడికి మలుపు దగ్గరే కష్టం. చాలు ఎంత పొడవైతే మలుపులు అంత తగ్గుతాయి. గట్టు నుంచి పల్లానికి సన్నగా, పొడవుగా మళ్లు సాగాయి. పొట్టి అంచు కాలువను తాకుతుంది, నీరు చాళ్ల వెంట కిందికి జారుతుంది. ఇటాలియన్ చరిత్రకారుడు మారియో లివెరానీ ఈ పొడవాటి మళ్లకు గొప్ప ప్రాధాన్యమిచ్చాడు. ఒకదాని పక్కన ఒకటి ఒకే వాలుకు సరిపడేలా కొలిచి వేయాలంటే ఒక కేంద్రం పూనుకోవాలి, ఆ కేంద్రం దేవాలయం అని ఆయన వాదన. నాకిది బలమైన వాదనగానే తోస్తుంది, ఎందుకంటే నాగలి, ఎద్దులు, విత్తనం మూడూ ఆలయపు లెక్కల్లో కనబడతాయి.

ఆ నాగలికి మన గొర్రు మీది జడ్డిగం లాంటి గరాటు, దాని కింద గొట్టం ఉండేవి. గింజ నేరుగా చాల్లో పడుతుంది. తండ్రి కొడుక్కు చెప్పినట్లున్న ఒక సుమేరు సేద్యపు పాఠం గింజను రెండు వేళ్ల లోతున పడేలా చూడమంటుంది. వెదజల్లితే పిట్టల పాలయ్యే విత్తనం ఇలా మిగులుతుంది. కోతకు మాత్రం అంత తెలివైన పరికరం ఉండేది కాదు. రాయి దొరకని ఆ నేలలో గట్టిగా కాల్చిన మట్టి కొడవళ్లే గతి. అవి విరిగితే సాన పట్టడం కుదరదు, పారేయాల్సిందే. ఆ ముక్కలు గుట్టలుగా దొరికే దిబ్బలు క్రీ.పూ. 5వ, 4వ సహస్రాబ్దుల ఊళ్లవని తవ్వకాలు జరిపేవారు గుర్తుపడతారు.

ఇక నష్టం సంగతి. నీరు పెట్టడానికి అనుకూలించిన వాలే, మురుగు పోకుండా అడ్డుపడింది. ఊట పైకి వచ్చి, ఎండకు ఆవిరై, ఉప్పు పైన మిగిలింది. తెల్లగా పొర కట్టిన చౌడు నేలను కాలువ కింద సేద్యం చేసే మన రైతూ ఎరుగును. విరుగుడు సుమేరు రైతులకు తెలుసు. ఏడాది విడిచి ఏడాది పొలాన్ని బీడు పెట్టాలి. ఆ బీడులో మొలిచే లోతు వేళ్ల ముళ్లపొదలు ఊట నీటిని తాగి నేలను ఆరబెడతాయి.

క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగష్, ఉమ్మా నగరాలు సరిహద్దు పొలం కోసం, దాన్ని తడిపే నీటి కోసం కొట్లాడుకున్నాయి. లగష్ పాలకుడు ఎన్మెతెన టైగ్రిస్ నుంచి వేరే కాలువ తెచ్చుకున్నాడు. పుష్కలంగా నీరు రావడంతో లగష్ రాజ్యంలోని గిర్సు ప్రాంతంలో ఊట పెరిగి, చౌడు పట్టిందని 1958లో జాకబ్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. గోధుమ తగ్గి, ఉప్పును ఓర్చుకునే బార్లీ మిగిలిందనీ, హెక్టారుకు సుమారు 2,500 లీటర్ల దిగుబడి క్రీ.పూ. 2100 నాటికి 1,460కి పడిపోయిందనీ వారి లెక్క. మార్విన్ పావెల్ 1985లో ఆ లెక్కలను ప్రశ్నించాడు. పంట మార్పు ఉప్పు వల్లే వచ్చిందని మట్టి పలకలు చెప్పవని ఆయన అభ్యంతరం. ఈ వాదులాటలో దిగుబడి అంకెలను పక్కనపెట్టినా, సుమేరు పత్రాలు ఉప్పు పట్టిన పొలాలను ప్రత్యేకంగా పేర్కొనడం మాత్రం మిగిలే ఉంటుంది.