చెప్పులు కుట్టే రబ్బీ

రెండో శతాబ్దంలో రోమన్లు రబ్బీ అకీవాను చెరలో పెట్టారు. ఆ చెర పక్కన ఒకడు సూదులు, కొక్కేలు అమ్ముతున్నట్టు కేకలు వేస్తూ, వాటి మధ్యే ఒక ధర్మసందేహం అడిగాడు. పిల్లలు లేకుండా భర్త పోయిన స్త్రీ మరిది కాలి చెప్పు విప్పి ఆ ఇంటి బంధం నుంచి విడుదలయ్యే తంతు ఒకటుంది. అది చాటుగా జరిగితే చెల్లుతుందా? లోపలి నుంచి అకీవా తానూ బేరమాడుతున్నట్టే పలికి, చెల్లుతుందన్నాడు. అడిగినవాడు రబ్బీ యోహనాన్. బతుకుతెరువుకు చెప్పులు కుట్టేవాడు. జెరూసలేం టాల్ముడ్‌లోని ఈ కథ చదివినప్పటి నుంచి అతను నన్ను వదల్లేదు.

రబ్బీ అంటే యూదుల పూజారి అనుకుంటాం. కాదు. వాళ్ల పూజారిత్వం పుట్టుకతో వచ్చేది. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలాక ఆ పూజారులకు బలిపీఠమే లేకుండా పోయింది. రబ్బీ ధర్మశాస్త్రం చదివి తీర్పు చెప్పేవాడు. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లు చాలు, రబ్బీ లేకున్నా సాగుతుంది. మసీదులోనూ అంతే, ఖురాన్ బాగా తెలిసినవారు ముందు నిలబడి నమాజు చేయిస్తే వారే ఇమాం. కేథలిక్ ఫాదరీ సంగతి వేరు. బిషప్ తలమీద చేతులుంచి అభిషేకించనిదే ఆయన పూజ చెల్లదు. అయినా ప్రతి బిషప్ పరిధిలో సెమినరీ పెట్టి చదివించాలన్న నియమం 1563లో గాని రాలేదు. తిరుమల అర్చకత్వం వైఖానస కుటుంబాలది, ఆగమం తెలిసుండాలి. బౌద్ధ భిక్షువుకు దీక్ష ఇవ్వాలంటే మధ్యదేశంలో పదిమంది భిక్షువులు కూడాలి, సరిహద్దు సీమల్లో ఐదుగురు చాలు. గురువును మాత్రం శిష్యులే గుర్తిస్తారు. కాశీలో తోలుపని చేసిన రవిదాసుకు గురుపీఠం ఎవరిచ్చారు?

సొంత పనితో బతుకుతూ బోధించినవాళ్ల వరుసలో నాకు అందరికన్నా ఇష్టుడు రబ్బీ మైమోనిడీస్. తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారం చేసి ఇల్లు గడిపేవాడు. అతను హిందూ మహాసముద్రంలో మునిగిపోయాక అన్న వైద్యం పట్టాడు. తన గ్రంథాన్ని అనువదిస్తున్న పండితుడికి 1199లో రాసిన ఉత్తరంలో దినచర్య చెప్పాడు. పొద్దున్నే కైరోలో సుల్తాను కోటకు వెళ్లడం, మధ్యాహ్నం ఆకలితో తిరిగొచ్చేసరికి వాకిలి నిండా రోగులు, రోజుకు ఒకే పూట భోజనం, రాత్రి అలసి పడుకునే మందులు రాయడం. శనివారం సమాజం వాళ్లు వస్తే పాఠం చెప్పేవాడు. శాస్త్రజ్ఞానాన్ని జీతానికి అమ్ముకోవడం దైవనామానికి మచ్చ అని ఖండితంగా రాశాడు.

1391లో మయోర్కాలో యూదులపై దాడులు జరిగినప్పుడు సిమోన్ దురాన్ అనే వైద్యుడు అల్జీర్స్‌కు పారిపోయాడు. అక్కడ వైద్యం కూడు పెట్టలేదు. రబ్బీగా జీతం తీసుకోక తప్పలేదు. అది బోధనకు కూలి కాదు, వేరే పని మానుకున్నందుకు పరిహారం అని సమర్థించుకున్నాడు. ఆ వాదన బలమైనదే. కానీ జీతమిచ్చే సంఘానికి నచ్చని తీర్పు చెప్పాలంటే ఎంత గుండె కావాలి? చెప్పులు కుట్టుకునేవాడికి ఆ భయం లేదు. పోయింది ఆ నిర్భయమే అంటాను.