సాఫ్ట్‌వేర్ అభివృద్ధి వ్యయం: పద్దు చరిత్ర

సాఫ్ట్‌వేర్ తయారీకి పెట్టిన ఖర్చులో ఎంత ఆ ఏడాది లాభనష్టాల ఖాతాకు పోవాలి, ఎంత ఆస్తిగా నిలిచి తర్వాతి ఏళ్లకు పంచబడాలి అన్నది అకౌంటింగ్‌లో పాత తగవు. ఇప్పటి సూత్రం స్థూలంగా ఇది: పరిశోధన దశ ఖర్చును అప్పటికప్పుడే ఖర్చుగా రాయాలి, అభివృద్ధి దశ ఖర్చును, నిర్ణీత షరతులు తీరాక, మూలధన వ్యయంగా చూపాలి.

1969 వరకు ఈ తగవుకు పెద్దగా చోటు లేదు. సాఫ్ట్‌వేర్ యంత్రంతోపాటే వచ్చేది. ఆ ఏడాది జూన్‌లో ఐబీఎం దానికి విడిగా ధర కడతామని ప్రకటించింది. అమ్మకపు సరుకయ్యాక దాని ఖరీదును పుస్తకాల్లో ఎలా రాయాలన్న ప్రశ్న తప్పలేదు. పరిశోధన ఖర్చును ఆస్తిగా చూపడంలోని ప్రమాదానికి 1971లో కుప్పకూలిన రోల్స్‌రాయిస్ బ్రిటన్‌లో పెద్ద ఉదాహరణగా నిలిచింది. ఆర్‌బీ211 ఇంజిను అభివృద్ధికి పెట్టిన డబ్బును ఆ సంస్థ ఆస్తిగా చూపుతూ వచ్చింది.

అమెరికాలో ఫైనాన్షియల్ అకౌంటింగ్ స్టాండర్డ్స్ బోర్డు 1974 అక్టోబరులో 2వ ప్రమాణాన్ని వెలువరించింది. పరిశోధన, అభివృద్ధి రెండింటి ఖర్చునూ అయినప్పుడే రాసేయాలన్నది దాని తీర్పు. ఫలితం తెలియని ఖర్చును ఆస్తి అనలేమన్నది వాదన. 1975 ఫిబ్రవరిలో వచ్చిన వివరణ దీన్ని సాఫ్ట్‌వేర్‌కు అన్వయించింది. అయినా ప్రోగ్రాం తయారీలో ఏది అభివృద్ధి, ఏది ఉత్పత్తి అన్న గీత మసకగానే మిగిలింది. కొన్ని కంపెనీలు అంతా ఖర్చు రాశాయి, కొన్ని కొంత ఆస్తిగా నిలిపాయి. ఒకే రకం వ్యాపారం చేసే రెండు సంస్థల లాభాలను పక్కపక్కన పెట్టి చూడడానికి వీల్లేకపోయింది. దాంతో 1983లో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, అప్పటిదాకా ఈ ఖర్చును ఆస్తిగా చూపని కంపెనీలు కొత్తగా ఆ పద్ధతి మొదలుపెట్టకుండా ఆపింది.

1985 ఆగస్టులో వచ్చిన 86వ ప్రమాణం ఈ చిక్కును చాలావరకు తెగ్గొట్టింది. అమ్మడానికి చేసే సాఫ్ట్‌వేర్‌కు ‘సాంకేతిక సాధ్యత’ను అది గీతగా పెట్టింది. వివరమైన ప్రోగ్రాం డిజైన్ పూర్తయి, మిగిలిన సాంకేతిక అనుమానాలు తీరినప్పుడు ఆ గీత దాటినట్టు. అలాంటి డిజైన్ లేకపోతే, పనిచేసే నమూనా తయారై పరీక్షకు నిలవాలి. గీతకు ముందు ఖర్చంతా పరిశోధన కిందికే. తర్వాతి కోడింగు, పరీక్షల ఖర్చు ఆస్తి. సరుకు మార్కెట్‌కు సిద్ధమయ్యాక మళ్లీ ఖర్చే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. గీతకు ముందు 30 లక్షలు, తర్వాత 50 లక్షలు అయ్యాయి. మొదటి 30 లక్షలు తిరిగి ఆస్తి కాలేవు. 50 లక్షలను నాలుగేళ్లలో రద్దు చేయాలనుకుందాం. ఆశించిన మొత్తం అమ్మకాలు 4 కోట్లు, మొదటి ఏడాది వచ్చింది 1.6 కోట్లు, అంటే 40 శాతం. ఆ లెక్కన రద్దు 20 లక్షలు. సమాన వాయిదాల లెక్కన పన్నెండున్నర లక్షలే. రెంటిలో పెద్దదే తీసుకోవాలి గనుక 20 లక్షలు పోయి 30 లక్షలు మిగులుతాయి. రెండో ఏడు పోటీ సరుకు వచ్చింది. ఆ ఏడాది అమ్మకాలు 60 లక్షలు, ఇకపై రాగలవి మరో 60 లక్షలే. సగం రద్దయి 15 లక్షలు మిగిలాయి. కానీ రాబోయే 60 లక్షల్లో సపోర్టు, అమ్మకపు ఖర్చులకే 52 పోతే చేతికొచ్చేది 8. పైన ఉన్న 7 లక్షలు అప్పుడే కొట్టేయాలి. మళ్లీ అమ్మకాలు పుంజుకున్నా వాటిని తిరిగి చేర్చరాదు. జాగ్రత్తగా అల్లిన నియమం.

లోపం గీతను గుర్తించడంలో ఉంది. నమూనా విడుదలకు కొద్ది రోజుల ముందే తయారైతే ఆస్తిగా చూపడానికి మిగిలేదేమీ ఉండదు. మైక్రోసాఫ్ట్ తన వార్షిక నివేదికల్లో ఇదే కారణం చెప్పి దాదాపు అంతా ఖర్చుగానే రాసింది. సొంత వాడకానికి చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు 1998లో వేరే నియమం వచ్చింది. అందులో శిక్షణ, డేటా మార్పిడి ఖర్చులు ఆస్తి కావు.

అంతర్జాతీయంగా 1998 నాటి ఐఏఎస్ 38 ఆరు షరతులు పెట్టింది. పూర్తిచేయగల సాంకేతిక సాధ్యత, ఉద్దేశం, వాడే లేదా అమ్మే సామర్థ్యం, రాబడి మార్గం, వనరులు, ఖర్చును నికరంగా కొలవగలగడం. అవన్నీ తీరితే ఆస్తిగా చూపడం ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. భారత్‌లో 1985 నాటి ఏఎస్ 8 స్థానంలో 2003 ఏప్రిల్ 1 నుంచి ఏఎస్ 26 వచ్చింది. పెద్ద కంపెనీలకు తర్వాత ఇండ్ ఏఎస్ 38 వర్తించింది.

2025 సెప్టెంబరులో అమెరికా బోర్డు సొంత వాడకపు సాఫ్ట్‌వేర్‌కు ప్రాజెక్టు దశల విభజనను ఎత్తేసింది. ఇది 2027 డిసెంబరు 15 తర్వాత మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు వర్తిస్తుంది. అమ్మకపు సాఫ్ట్‌వేర్‌కు మాత్రం 1985 నాటి గీతే నేటికీ ఉంది.