సైనిక సమయ అక్షరాలు A నుంచి Z వరకు: జంషెడ్‌పూర్ గడియారానికి అక్షరం ఎందుకు లేదు?

సైనిక, నౌకా, విమానయాన సందేశాల్లో సమయాన్ని సూచించే అంకెల చివర ఒకే ఒక ఆంగ్ల అక్షరం కనిపిస్తుంది. ఆ సమయం ఏ మండలానికి చెందినదో, సమన్వయ సార్వత్రిక సమయం (యూటీసీ) కంటే ఎన్ని గంటలు ముందుందో లేదా వెనుక ఉందో ఆ అక్షరమే తెలుపుతుంది. ప్రపంచమంతటికీ వర్తించేలా రూపొందిన ఈ పద్ధతిలో భారత ప్రామాణిక సమయానికి మాత్రం సొంత అక్షరం లేదు. ఇందుకు కారణమేమిటో, దానివల్ల ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

అక్షరాల క్రమం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. ఈ లెక్క ప్రకారం భూగోళాన్ని 15 డిగ్రీల వెడల్పున్న పట్టీలుగా విభజించారు. గ్రీనిచ్ రేఖకు అటూ ఇటూ ఏడున్నర డిగ్రీల మేర ఉన్న పట్టీ Z. అక్కడి సమయమే యూటీసీ. దానికి తూర్పున A నుంచి M వరకు, పడమర N నుంచి Y వరకు అక్షరాలు వరుసగా సాగుతాయి.

```
A +1   B +2   C +3   D +4
E +5   F +6   G +7   H +8
I +9   K +10  L +11  M +12
N -1   O -2   P -3   Q -4
R -5   S -6   T -7   U -8
V -9   W -10  X -11  Y -12
Z  0
```

ఈ పట్టికలో J లేదు. సందేశం రాసిన వ్యక్తి ఉన్న చోటి స్థానిక సమయాన్ని సూచించడానికి దానిని వేరుగా ఉంచారు. ఇక M, Y మండలాల్లో గడియారం ఒకే సమయం చూపినా తేదీలు వేరుగా ఉంటాయి. అంతర్జాతీయ దినరేఖకు అవి చెరోవైపు ఉండటమే దీనికి కారణం.

రేడియోలో అక్షరాలు స్పష్టంగా వినిపించేందుకు ఒక్కోదానికి ఒక్కో పదం వాడతారు. E ని ఎకో, F ని ఫాక్స్‌ట్రాట్, Z ని జులూ అంటారు. యూటీసీకి ‘జులూ సమయం’ అన్న పేరు ఇలాగే వచ్చింది. ఆఫ్రికాలోని జులూ ప్రజలతో దీనికి సంబంధం లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇదే అక్షరాన్ని మిత్రరాజ్యాల సైన్యాలు ‘జీబ్రా’ అని పలికేవి.

రెండు అక్షరాల సరిహద్దులో భారత్

E మండలం 67.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 82.5 డిగ్రీల వరకు, F మండలం అక్కడి నుంచి 97.5 డిగ్రీల వరకు విస్తరించి ఉన్నాయి. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన రేఖాంశం కూడా 82.5 డిగ్రీలే. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌కు, ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడకు సమీపంగా వెళ్లే ఆ రేఖ సరిగ్గా ఈ రెండు అక్షరాల సరిహద్దు. దేశమంతటికీ ఒకే సమయం ఉండాలన్న ఉద్దేశంతో మధ్యరేఖను ఎంచుకోగా, ఫలితం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుగా వచ్చింది. పూర్తి గంటలనే లెక్కించే అక్షరమాలలో దానికి చోటు దొరకలేదు.

భౌగోళికంగా చూస్తే హైదరాబాద్, విజయవాడ E పట్టీలోకి, విశాఖపట్నం F పట్టీలోకి వస్తాయి. సుమారు 86.2 డిగ్రీల వద్ద ఉన్న జంషెడ్‌పూర్ కూడా F పట్టీలోనిదే. అక్కడ సూర్యుని గమనాన్ని బట్టి లెక్కించే సమయం యూటీసీ కంటే దాదాపు 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. అయినా ఈ నగరాలన్నింటిలోనూ చేతి గడియారం చూపేది ఒకే సమయం. కాబట్టి పటంలో ఊరు ఏ పట్టీలో ఉందో చూసి అక్షరం నిర్ణయించడం సరికాదు. అక్కడ అమల్లో ఉన్న అధికారిక సమయమే ప్రమాణం.

యుద్ధకాలంలోనూ ఈ ఇబ్బంది తొలగలేదు. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ వరకు భారత్‌లో గడియారాలను గంట ముందుకు జరిపారు. అప్పుడు వ్యత్యాసం ఆరున్నర గంటలైంది. అంటే E, F ల మధ్య నుంచి F, G ల మధ్యకు మారిందే తప్ప ఏ అక్షరానికీ సరిపోలేదు.

ఒక సందేశం, మూడు అర్థాలు

జంషెడ్‌పూర్‌లో 2025 మార్చి 1న అర్ధరాత్రి దాటాక 2 గంటల 15 నిమిషాలకు ఒక సందేశం పంపారనుకుందాం. సైనిక పద్ధతిలో మొదట తేదీ, తర్వాత గంటలు, నిమిషాలు, మండల అక్షరం, నెల, సంవత్సరం వస్తాయి. ఐదున్నర గంటలు తీసివేస్తే యూటీసీ ప్రకారం ముందు రోజు రాత్రి 8 గంటల 45 నిమిషాలు అవుతుంది. గంటతో పాటు తేదీ, నెల కూడా మారిపోతాయి.

```
282045Z FEB 25
```

ఇది సరైన రూపం. పంపినవారు దగ్గరలో ఉన్న అక్షరమేదో ఒకటి చాలునని భావిస్తే ఫలితం ఇలా మారుతుంది.

```
010215E MAR 25  =  282115Z FEB 25
010215F MAR 25  =  282015Z FEB 25
```

E రాస్తే అసలు సమయం కంటే అరగంట ఆలస్యంగా, F రాస్తే అరగంట ముందుగా అర్థమవుతుంది. రెండింటిలోనూ అంకెలు సక్రమంగానే కనిపిస్తాయి కనుక అందుకున్నవారికి అనుమానం రాదు. J రాస్తే తప్పు కాదు కానీ, పంపినవారు ఎక్కడున్నారో తెలియనిదే దానిని విప్పలేరు. భారత సమయానికి కొన్ని పట్టికల్లో E పక్కన నక్షత్ర గుర్తు ఉంచి E* అని రాస్తారు. నకలు తీసేటప్పుడు ఆ గుర్తు జారిపోతే అరగంట కూడా దానితోనే పోతుంది.

అందుకే సమయాన్ని Z లోకి మార్చి పంపడం సురక్షితం. అందుకున్నవారు దానిని తమ సమయంలోకి మార్చుకుంటారు. పై సందేశాన్ని న్యూజెర్సీలో చదివేవారికి అది R మండలం, ఫిబ్రవరి 28 మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలు. అదే న్యూజెర్సీ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపినప్పుడు Q కి మారుతుంది. అక్షరం వ్యత్యాసానికి చెందినదే గానీ ఊరికి చెందినది కాదు.

ఈ-మెయిల్‌లో తలకిందులైన గుర్తులు

ఈ అక్షరాలను కంప్యూటర్లలో వాడినప్పుడు మరో చిక్కు ఎదురైంది. ఈ-మెయిల్ రూపాన్ని నిర్దేశిస్తూ 1982లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 822 పత్రం సైనిక అక్షరాలనూ అనుమతించింది. అయితే అందులో ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయి. A ని మైనస్ 1గా, N ని ప్లస్ 1గా చూపారు. ఆ లెక్కన E అంటే ప్లస్ 5 కాక మైనస్ 5. అంటే 10 గంటల తేడా.

ఈ పొరపాటును 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 గుర్తించింది. అప్పటికే రెండు రకాల అర్థాలూ వాడుకలోకి వచ్చే అవకాశం ఏర్పడటంతో, కేవలం సరిదిద్దడం వల్ల ప్రయోజనం లేకపోయింది. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2822 ప్రకారం Z తప్ప మిగిలిన అక్షరాలు కనిపిస్తే, వేరే సమాచారమేదీ లేనప్పుడు వాటిని మండలం తెలియని సమయాలుగానే పరిగణించాలి. ఈ-మెయిల్ శీర్షికల్లో భారత సమయాన్ని అంకెల్లోనే రాస్తారు.

```
Sat, 01 Mar 2025 02:15:00 +0530
```

అక్షరాలకు అందని అరగంటను ఈ అంకెలు చెప్పగలవు. రెండు పద్ధతుల్లోనూ సందేహానికి తావివ్వని అక్షరం Z ఒక్కటే.